ఎల్బీనగర్ నుంచి గాజువాక దాకా: రాత్రి బస్సుకు న్యాయమైన సమీక్ష

హైదరాబాదు నుంచి విశాఖపట్నానికి రాత్రిపూట నడిచే ప్రైవేటు స్లీపర్ బస్సుల్లో చాలా భాగం మియాపూర్, కూకట్‌పల్లి వైపు నుంచి బయలుదేరి, నగరమంతా తిరిగి ప్రయాణికులను ఎక్కించుకుంటూ ఎల్బీనగర్ చేరి, అక్కడి నుంచి 65వ నంబరు జాతీయ రహదారి మీద చౌటుప్పల్, సూర్యాపేట, కోదాడల మీదుగా విజయవాడకు, ఆ తరువాత 16వ నంబరు జాతీయ రహదారి మీద ఏలూరు, రాజమహేంద్రవరం, అన్నవరం, తుని దాటి గాజువాకకు చేరుతాయి. సుమారు 600 కిలోమీటర్ల ఈ దారిలో ప్రయాణికుడు ఎక్కువసేపు నిద్రలోనో, నిద్ర పట్టని మగతలోనో ఉంటాడు కనుక, తెల్లవారి దిగిన తరువాత అతను రాసే సమీక్షలో చూసిన విషయాల కంటే ఆ ఉదయపు చిరాకు ఎక్కువగా కనిపించడం తరచుగా జరుగుతుంది. సమయపాలన, పడక సౌకర్యం, మధ్యలో ఆగే చోట్లు, సామాను సంరక్షణ అనే నాలుగు అంశాలనూ దేనికది విడిగా చూసి, ప్రతి లోపంలోనూ యాజమాన్యం చేతిలో ఉన్న భాగమెంతో, దాని చేతిలో లేని భాగమెంతో తేల్చినప్పుడే ఆ సమీక్ష మరొక ప్రయాణికునికి పనికివస్తుంది.

ఏ కొలతతో తూచాలన్నది మొదటి ప్రశ్న. 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రయాణికుల బస్సులను ప్రధానంగా రెండు రకాలుగా చూస్తుంది: దారి పొడవునా ఎక్కడికక్కడ ప్రయాణికులను ఎక్కించి దింపుతూ, విడివిడి చార్జీలు వసూలు చేసే ఆర్టీసీ బస్సుల వంటివి స్టేజ్ క్యారేజీలు, ముందుగా కుదిరిన ఒప్పందం ప్రకారం ఒక చోటి నుంచి మరొక చోటికి తీసుకుపోయేవి కాంట్రాక్టు క్యారేజీలు. మొదటి రకానికి పర్మిటుతో పాటే వేళల పట్టిక కూడా అధికారుల ఆమోదానికి లోబడి ఉంటుంది. సాధారణంగా రెండవ రకం కింద నడిచే ప్రైవేటు ట్రావెల్స్ బస్సుకు ప్రయాణికుని చేతిలోని టికెట్టే వేళల పట్టిక. అందువల్ల ఎక్కే చోటు, అక్కడికి బస్సు వచ్చే సమయం, పడక రకం, చేరే సమయం, సామాను పరిమితి అని టికెట్టు మీద ఏం రాసి ఉందో అదే వాగ్దానం. సమీక్షకుడు బస్సును తూచవలసింది ఆ వాగ్దానంతోనే కాని, మరొక సంస్థ ఎక్కువ చార్జీకి నడిపే కొత్త బస్సుతో కాదు.

ఒక ప్రయాణాన్ని నమూనాగా తీసుకుంటే ఈ లెక్క స్పష్టమవుతుంది. టికెట్టు ప్రకారం బస్సు రాత్రి 9 గంటల 30 నిమిషాలకు ఎల్బీనగర్‌లో బయలుదేరి ఉదయం 7 గంటల 30 నిమిషాలకు గాజువాక చేరాలి. అది శుక్రవారం. బస్సు ఎల్బీనగర్ నుంచి కదిలింది 10 గంటల 15 నిమిషాలకు. గాజువాకలో ఆగింది ఉదయం 8 గంటల 50 నిమిషాలకు. మొత్తం ఆలస్యం 80 నిమిషాలు. ఈ ఒక్క అంకె మాత్రమే రాస్తే చదివేవారికి దక్కేది తక్కువ. ఆ 80 నిమిషాలు ఎక్కడెక్కడ పోయాయో చెబితేనే దానికి అర్థం ఉంటుంది.

అందులో 45 నిమిషాలు ఎల్బీనగర్ చేరేలోపే పోయాయి. కూకట్‌పల్లి, అమీర్‌పేట, లక్డీకాపూల్, దిల్‌సుఖ్‌నగర్ వంటి బోర్డింగ్ పాయింట్లలో, అంటే టికెట్టు మీద ఎక్కే చోట్లుగా చూపిన కూడళ్లలో, ఒక్కొక్క చోట సామాను డిక్కీలోకి ఎక్కించి, రాని ప్రయాణికునికి ఫోను చేసి, ట్రాఫిక్ పోలీసు విజిల్ వేసేదాకా ఆగి కదిలే బస్సుకు నగరం దాటడమే ఒక ప్రయాణం. దీనిని ట్రాఫిక్ మీదికి నెట్టడం న్యాయంగా కనిపించినా పూర్తిగా న్యాయం కాదు, ఎందుకంటే శుక్రవారం సాయంత్రం అమీర్‌పేటలో రద్దీ ఉంటుందని రోజూ బస్సు నడిపే సంస్థకు ముందే తెలుసు. తెలిసినదాన్ని లెక్కలోకి తీసుకోకుండా టికెట్టు మీద 9 గంటల 30 నిమిషాలు అని ముద్రించడం ఆ సంస్థ చేసిన పని. అదే సమయంలో మియాపూర్‌లో ఎక్కిన ప్రయాణికునికి బస్సు సమయానికే వచ్చి ఉండవచ్చు కనుక, సమీక్షలో ఎక్కిన చోటు పేరు రాయకపోతే ఒకే బస్సు గురించి ఇద్దరు రాసిన మాటలు ఒకదానికొకటి పొంతన లేనట్టు కనిపిస్తాయి.

మరో 20 నిమిషాలు సూర్యాపేట దగ్గర భోజనం కోసం ఆగినప్పుడు పోయాయి. 20 నిమిషాలని చెప్పి 40 నిమిషాలు ఆపారు. ఇది పూర్తిగా యాజమాన్యం, సిబ్బంది అదుపులో ఉన్న సమయం. మిగిలిన 15 నిమిషాలు నందిగామకు సమీపంలో ఒక లారీ అడ్డం తిరగడంతో ఒక వరుస మూసివేసినందువల్ల పోయాయి; దీనికి బస్సు బాధ్యత ఏమీ లేదు, కనుక సమీక్షలో దీనిని పరిస్థితిగా చెప్పాలి కాని తప్పుగా లెక్కించకూడదు. సంక్రాంతి ముందు రోజుల్లో చౌటుప్పల్ సమీపంలోని పంతంగి టోల్‌గేటు దగ్గర వాహనాలు బారులు తీరడం కూడా ఇటువంటిదే. అయితే ఆ రద్దీ ఏటా వచ్చేదే కాబట్టి, పండుగ చార్జీ పెంచి వేళలను మాత్రం మామూలు రోజులవే ఉంచిన సంస్థను ఆ మేరకు ప్రశ్నించవచ్చు.

ఆలస్యాన్ని డ్రైవరు పూడ్చలేదని తప్పుపట్టే ముందు చేయవలసిన చిన్న లెక్క ఒకటుంది. టికెట్టులోని పది గంటల్లో భోజనానికి 20 నిమిషాలు, తెల్లవారి టీకి 15 నిమిషాలు తీసేస్తే, 600 కిలోమీటర్లకు మిగిలేది 9 గంటల 25 నిమిషాలు, అంటే గంటకు సుమారు 64 కిలోమీటర్ల సగటు వేగం. పోయిన 80 నిమిషాలను దారిలోనే రాబట్టాలంటే ఆ సగటు గంటకు 74కు పెరగాలి. బస్సుల్లో వేగాన్ని 80 కిలోమీటర్ల దగ్గర ఆపే స్పీడ్ గవర్నర్ అనే పరికరం ఉండాలన్నది కేంద్ర మోటారు వాహనాల నిబంధన. టోల్‌గేట్లు, ఊళ్ల మధ్య కూడళ్లు, సర్వీసు రోడ్డు మలుపులు ఉన్న దారిలో 74 సగటు రావాలంటే ఆ హద్దును దాటక తప్పదు. కనుక ఎల్బీనగర్‌లో ముప్పావుగంట ఆలస్యంగా బయలుదేరి కూడా గాజువాకకు సమయానికి చేరిన బస్సును మెచ్చుకోవడం కంటే, ఆ రాత్రి అది ఎంత వేగంతో పోయిందో అడగడం మేలు. టికెట్టు సమయం కంటే గంట ముందు చేరి, చీకట్లో ప్రయాణికులను రోడ్డు పక్కన దింపిన బస్సుకూ ఇదే ప్రశ్న వర్తిస్తుంది.

పడక సౌకర్యం విషయంలో సమీక్షకుడు మొదట రాయవలసింది తన బెర్తు నంబరు. 2+1 అమరిక అంటే నడవకు ఒక పక్క ఇద్దరు పడుకునే జంట బెర్తులు, మరో పక్క ఒంటరి బెర్తులు, రెండు వైపులా కిందొక వరుస, పైనొక వరుస ఉండే ఏర్పాటు. ఒకే బస్సులో ఈ బెర్తులన్నీ ఒకే సుఖాన్ని ఇవ్వవు. వెనుక చక్రాల ఇరుసుకు అవతల ఉన్న చివరి వరుస, రోడ్డు మీది ప్రతి ఎత్తుపల్లానికీ మధ్య వరుస కంటే ఎక్కువగా ఎగిరిపడుతుంది; పై బెర్తులు నేల నుంచి ఎత్తులో ఉండడం వల్ల బస్సు మలుపు తిరిగినప్పుడు, వరుస మారినప్పుడు కింది వాటి కంటే ఎక్కువ ఊగుతాయి. చివరి వరుస పై బెర్తులో పడుకుని నడుము పట్టేసిన వ్యక్తి మొత్తం బస్సు బాగాలేదని రాస్తే, ఇరుసుల నడుమ కింది బెర్తులో హాయిగా నిద్రపోయిన వ్యక్తికి ఆ మాట అబద్ధంగా తోస్తుంది. నిజానికి ఇద్దరూ చెప్పినది తమ బెర్తు గురించే.

బెర్తు స్థానం వల్ల వచ్చే కుదుపును, నిర్వహణ లోపం వల్ల వచ్చే ఇబ్బందిని విడదీయడానికి బయలుదేరిన మొదటి పావుగంటలో చూడదగిన గుర్తులు కొన్ని ఉన్నాయి. పరుపును అరచేతితో నొక్కితే కింది పలక తగులుతోందా, దుప్పటి ఉతికిన మడతతో ఉందా, లేక వెనకటి ప్రయాణికుని కొబ్బరినూనె వాసన వేస్తోందా, పక్కన పడకుండా ఆపే కడ్డీ గట్టిగా ఉందా, ఛార్జింగ్ సాకెట్‌లో ప్లగ్గు నిలుస్తోందా అన్నవి ఎవరైనా చూడగలిగినవి. నమూనా ప్రయాణంలో తలపై ఉన్న ఏసీ గాలి రంధ్రపు మూత వదులై గడగడలాడుతుంటే, అంతకుముందు ఎవరో ముడిచిన టికెట్టు ముక్కను అందులో దోపి ఉంచారు. ఆ కాగితం అంచులు దుమ్ముతో నల్లబడి ఉండడాన్ని బట్టి ఆ మూత ఆ రాత్రే పాడయింది కాదని, చాలా రోజులుగా ఎవరూ దాన్ని బాగుచేయలేదని తెలుస్తుంది. సౌకర్యం గురించి రాసే సమీక్షలో ఇటువంటి ఆనవాలు 'ఏసీ బాగాలేదు' అన్న మాట కంటే విలువైనది.

చలి విషయంలో మాత్రం తొందరపడి తీర్పు చెప్పకూడదు. రాత్రి పది గంటలకు నగరపు ఉక్కపోతలో సరిపోయిన ఏసీయే మూడు గంటలకు విజయవాడ శివార్లలో గజగజ వణికిస్తుంది, ఎందుకంటే బయటి గాలి చల్లబడినా మొదట పెట్టిన అమరిక అలాగే ఉంటుంది. అడిగితే క్లీనరు తగ్గించాడా లేదా అన్నదే ఇక్కడ తేల్చవలసిన విషయం; అడగకుండా రాత్రంతా వణికి, ఉదయం దానిని సంస్థ నిర్లక్ష్యంగా రాయడం న్యాయం కాదు. నమూనా ప్రయాణంలో క్లీనరు అడిగిన పది నిమిషాల్లో ఏసీ తగ్గించాడు. గోదావరి దాటేసరికి వెలుగు వచ్చింది. ఈశాన్యంగా సాగే ఆ రోడ్డు మీద బస్సుకు కుడి వైపు కిటికీల మీదికే తొలి ఎండ పడుతుంది కనుక, ఆ వైపు పరదాకు కొక్కేలు ఊడిపోయి ఉండడం చిన్న లోపమే అయినా, ఆ బెర్తుల వారికి ఆఖరి మూడు గంటల నిద్రను దూరం చేసింది.

ఆగే చోట్ల గురించి సమీక్షల్లో ఎక్కువగా కనిపించేది భోజనం రుచి, ధర. అవి హోటలు వారివే అయినా ఆ హోటలును ఎంచుకున్నది బస్సు సంస్థ. దారిలోని చాలా హోటళ్లు బస్సు ఆపినందుకు డ్రైవరుకూ క్లీనరుకూ ఉచితంగా భోజనం పెట్టడం అందరికీ తెలిసిన ఆనవాయితీ. అందువల్ల బస్సు ఆగే చోటును నిర్ణయించేది ప్రయాణికుల సౌకర్యం ఒక్కటే అని చెప్పలేము. అయినప్పటికీ రాత్రి స్లీపర్ బస్సులో సాధారణంగా మరుగుదొడ్డి ఉండదు కనుక, ఆగిన చోట తొలి ప్రశ్న భోజనం కాదు. స్త్రీల మరుగుదొడ్డికి గడియ ఉందా, లోపల దీపం, నీళ్లు ఉన్నాయా, బస్సు ఆపిన చోటి నుంచి అక్కడిదాకా నడిచే దారిలో వెలుతురు ఉందా, అన్నిటికంటే ముఖ్యంగా బస్సు హోటలు ఉన్న వైపే ఆగిందా, లేక నాలుగు వరుసల రహదారిని అర్ధరాత్రి దాటవలసి వచ్చిందా అన్నవి సమీక్షలో స్పష్టంగా ఉండాలి.

నమూనా బస్సు సూర్యాపేట దగ్గర ఆగేసరికి రాత్రి 12 గంటల 10 నిమిషాలు అయింది. హోటలు బస్సు వచ్చిన వైపే ఉంది, ఆవరణలో దీపాలున్నాయి, మరుగుదొడ్లలో నీళ్లున్నాయి; స్త్రీల వైపు ఉన్న రెండింటిలో ఒకదానికి గడియ లేదు. టికెట్టు ప్రకారం నడిచి ఉంటే పదకొండున్నర ప్రాంతంలో దొరకవలసిన భోజనం అర్ధరాత్రి దాటాక దొరకడం, వేళకు మందు వేసుకోవలసిన మధుమేహ రోగికి చిన్న విషయం కాదు; కనుక ఎల్బీనగర్ ఆలస్యం ఇక్కడ మరొక రూపంలో కనిపిస్తుంది. ఒకే రంగు బస్సులు పక్కపక్కనే నిలిచే ఇటువంటి చోట బస్సు నంబరు చెప్పి దింపడం, కదిలే ముందు బెర్తు బెర్తుకూ చూసి తలలు లెక్కపెట్టడం అనే రెండు పనులు సిబ్బంది శ్రద్ధకు కొలమానాలు. ఆ రాత్రి క్లీనరు నంబరు చెప్పలేదు, కాని కదిలే ముందు టార్చి వేసి ప్రతి పరదా వెనుక చూశాడు.

ఆగే సమయాన్ని తగ్గించాలన్న కోరికకు కూడా ఒక హద్దు ఉంది. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం డ్రైవరు రోజు పనిని సాధారణంగా ఎనిమిది గంటలుగా, వరుసగా ఐదు గంటలు పనిచేశాక విశ్రాంతిని కనీసం అరగంటగా నిర్ణయించింది. పది గంటల దారికి ఇద్దరు డ్రైవర్లు ఎందుకు అవసరమో ఈ లెక్కే చెబుతుంది. నమూనా ప్రయాణంలో విజయవాడ దగ్గర డ్రైవరు మారాడు; అన్నవరం దగ్గర టీ కోసం ఆపిన 15 నిమిషాలను ఆలస్యంగా కాక, ప్రయాణంలో ఉండవలసిన భాగంగానే చూడాలి. ఒకే వ్యక్తి రాత్రంతా స్టీరింగు పట్టిన బస్సు ఎంత సమయానికి చేరినా, ఆ విషయాన్ని సమీక్షలో మొదటి వాక్యంగా రాయవలసిందే.

సామాను విషయంలో ప్రయాణికుడు చూడగలిగే సమయం చాలా తక్కువ: ఎక్కేటప్పుడు ఒక నిమిషం, దిగేటప్పుడు రెండు నిమిషాలు. బస్సు నేల కింద అడ్డంగా ఉండే డిక్కీలో పెట్టెలు వేసేటప్పుడు సరైన పద్ధతి ఏమిటంటే, ఒకే సంఖ్య ఉన్న రెండు చీటీలలో ఒకటి పెట్టెకు కట్టి రెండవది ప్రయాణికుని చేతికి ఇవ్వడం, చివర దిగేవారి సామాను లోపలికి, ముందు దిగేవారిది బయటి అంచుకు సర్దడం. నమూనా బస్సులో చీటీలు లేవు. క్లీనరు సుద్దముక్కతో పెట్టెల మీద బెర్తు నంబరు రాశాడు. అనకాపల్లిలో దిగే ఇద్దరి పెట్టెలు విశాఖ సామానుకు వెనుక ఉండడంతో, వాటిని తీయడానికి మిగతావన్నీ రోడ్డు అంచున దించి మళ్లీ ఎక్కించవలసి వచ్చింది. ఆ గందరగోళంలో ఎవరి పెట్టె ఎవరు తీసుకుపోయినా అడ్డుకునే ఏర్పాటు లేదు, ఎందుకంటే బెర్తు నంబరు పెట్టె మీద ఉన్నా, అది చూసి అప్పగించే మనిషి అప్పటికి డిక్కీలోకి వంగి ఉన్నాడు.

ఈ సామాను గందరగోళానికి మరో కారణం పార్శిళ్లు. ప్రైవేటు బస్సులకు టికెట్ల ఆదాయంతో పాటు పార్శిళ్ల ఆదాయం కూడా ఉంటుంది. బట్టల మూటలు, విడిభాగాల అట్టపెట్టెలు ముందే డిక్కీని నింపితే ప్రయాణికుల సామాను మిగిలిన సందుల్లోకి పోతుంది. నమూనా ప్రయాణంలో ఒక సూట్‌కేసు మీద బరువైన అట్టపెట్టె ఉండడం వల్ల దాని మూత సొట్టపోయింది. సమీక్షలో రాయవలసింది సొట్ట మాత్రమే కాదు, దాని మీద ఏముందో కూడా. అప్పుడే అది దురదృష్టం కాక, సర్దుబాటు లోపమని తేలుతుంది. అయితే సామాను పోయినా, విలువైన వస్తువు పగిలినా దానికి సమీక్ష సరైన వేదిక కాదు. దిగిన చోటే సంస్థకు రాతపూర్వకంగా తెలిపి, టికెట్టు, ఫొటోలు దాచుకుని, పరిష్కారం రాకపోతే జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915కు గాని, రెండేళ్ల గడువులోపు వినియోగదారుల కమిషన్‌కు గాని వెళ్లడం దాని దారి.

ఈ పరిశీలనలన్నిటినీ కలిపి రాస్తే నమూనా సమీక్ష ఇలా ఉంటుంది: 'శుక్రవారం, ఎల్బీనగర్ నుంచి గాజువాక, ఏసీ స్లీపర్, మధ్య వరుస కింది ఒంటరి బెర్తు. బస్సు 45 నిమిషాలు ఆలస్యంగా బయలుదేరి 80 నిమిషాలు ఆలస్యంగా చేరింది. అందులో 15 నిమిషాలు రోడ్డు ప్రమాదం వల్ల, 20 నిమిషాలు భోజనం దగ్గర చెప్పినదాని కంటే ఎక్కువ ఆగడం వల్ల. వేగం అదుపులో ఉంది, విజయవాడలో డ్రైవరు మారాడు. పరుపు, దుప్పటి శుభ్రంగా ఉన్నాయి. ఏసీ మూత వదులు, కుడి వైపు పరదాకు కొక్కేలు లేవు. సూర్యాపేట హోటలు వెలుతురుగా ఉంది, స్త్రీల మరుగుదొడ్డి ఒకదానికి గడియ లేదు. సామానుకు చీటీలు ఇవ్వలేదు, పార్శిల్ కింద పడి ఒక సూట్‌కేసు సొట్టపోయింది. అడిగిన సాయం క్లీనరు వెంటనే చేశాడు.' ఈ కొద్ది వాక్యాల్లో 'ఎప్పుడూ', 'ఎవరూ', 'అస్సలు' అన్న మాటలకు చోటు లేదు, ఎందుకంటే ఒక రాత్రి ప్రయాణం ఆ రాత్రికి, ఆ బస్సుకు మాత్రమే సాక్ష్యం; సంస్థ తీరు తెలియాలంటే వేరు వేరు రోజుల్లో ఎక్కినవారి మాటల్లో ఒకే లోపం మళ్లీ మళ్లీ కనిపించాలి.

నక్షత్రాల రూపంలో మార్కు వేయవలసి వచ్చినప్పుడు నాలుగు అంశాలకూ విడివిడిగా వేసి, ఆ తరువాతే మొత్తం నిర్ణయించడం మంచిది. లేకపోతే చివరన జరిగిన సామాను గొడవ, దానికి ఎనిమిది గంటల ముందు దొరికిన మంచి నిద్రను కూడా తుడిచిపెడుతుంది. ఈ నమూనాలో పడకకు నాలుగు, ఆగిన చోటుకు మూడు, సమయపాలనకు రెండు, సామానుకు రెండు ఇస్తే మొత్తం మూడుకు కొంచెం తక్కువగా వస్తుంది. అయితే ఆ మొత్తం కంటే విడి అంకెలే ఎక్కువ పనికివస్తాయి: చేతి సంచితో పోయే విద్యార్థికి సామాను మార్కుతో పనిలేదు, ఉదయం తొమ్మిదికి ఇంటర్వ్యూ ఉన్నవారికి పడక మార్కుతో పనిలేదు.

న్యాయానికి సంబంధించిన ఆఖరి అంశం పేర్లు. బస్సు నంబరు, సర్వీసు సమయం, తేదీ రాయడం అవసరం, ఎందుకంటే సంస్థ తన రికార్డులతో పోల్చి చూసుకోవాలంటే అవే ఆధారం. క్లీనరు పేరు, డ్రైవరు ఫొటో పెట్టడం మాత్రం అవసరం లేదు. వేళలు వేసినది, చీటీల పుస్తకం ఇవ్వనిది, డిక్కీని పార్శిళ్లతో నింపమన్నది, పరదాకు కొక్కేలు కుట్టించనిది కార్యాలయం. రాత్రంతా మేలుకుని ఆ లోటును సుద్దముక్కతో పూడ్చడానికి ప్రయత్నించినది క్లీనరు. సమీక్ష చదివి సంస్థ ఎవరినో ఒకరిని మందలించవలసి వస్తే అది అతన్నే కాకుండా ఉండాలంటే, లోపం ఏ స్థాయిలో పుట్టిందో రాసినవారే తేల్చి చెప్పాలి. ఆ తరువాత సంస్థ జవాబిచ్చి, మరొక ప్రయాణంలో చీటీలు నిజంగానే కనిపిస్తే, పాత సమీక్ష కిందనే తేదీ వేసి ఆ మార్పును చేర్చవలసిన బాధ్యత కూడా రాసినవారిదే.